గుంటూరు నుంచి విజయవాడకు బండి మీద: దారి చెప్పే గొంతును ఎలా వినాలి, ఫోను ఎక్కడ పెట్టాలి

బండికి మొబైల్ హోల్డరు కొనడానికి దుకాణానికి వెళ్లినవారు అడిగే మొదటి ప్రశ్న ఏ హోల్డరు గట్టిగా ఉంటుందని. నా అభిప్రాయంలో అది రెండో ప్రశ్న కావాలి. దారి చెప్పే గొంతు హెల్మెట్‌లోని చెవికి ఏ మార్గాన చేరాలో ముందు తేల్చుకుంటే, హోల్డరు అవసరమా కాదా, అవసరమైతే ఎలాంటిది కావాలి అనేది చాలావరకు దానంతట అదే తేలిపోతుంది. తెర మీది బాణం గుర్తును చూస్తూ నడపడం అలవాటైనవారు ఈ వరుసను తలకిందులు చేసుకుంటారు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు 11 మీటర్లు కదులుతుంది. తెర వైపు రెండు సెకన్లు చూసేలోగా బండి 22 మీటర్లు ముందుకు పోతుంది. మన ఆటోల మధ్య ఆ దూరం చాలా ఎక్కువ.

చట్టం కోరేది కూడా ఏకాగ్రతనే. 2020 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చిన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల సవరణ ప్రకారం, వాహనం నడిపేటప్పుడు చేతి ఫోనును దారి తెలుసుకోవడానికి మాత్రమే, అదీ నడిపేవారి ఏకాగ్రత చెదరని విధంగా మాత్రమే వాడవచ్చు. హోల్డరులో పెట్టిన ఫోనుకు అనుమతి ఉంది గానీ, నడుపుతూ దాన్ని వేలితో జరుపుతూ ఉండడానికి లేదు.

ఈ వ్యాసంలో ఉదాహరణగా ఒకే ప్రయాణాన్ని తీసుకుంటున్నాను. గుంటూరు బ్రాడీపేటలో బయలుదేరి, పెదకాకాని, కాజ టోల్‌గేటు, మంగళగిరి, తాడేపల్లి మీదుగా వారధి ఎక్కి, విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఎడమకు తిరిగి లబ్బీపేట చేరడం, తిరుగు ప్రయాణంలో మళ్లీ బ్రాడీపేట సందుల్లో ఇల్లు వెతుక్కోవడం. హైవే, ఫ్లైఓవరు, ఇరుకు అడ్డరోడ్లు మూడూ ఇందులో ఉన్నాయి. వినికిడికి సంబంధించిన కష్టాలూ మూడు రకాలుగా ఎదురవుతాయి.

దేనిని బట్టి ఎంచుకోవాలి

నేను చూసేవి నాలుగు విషయాలు. హెల్మెట్ పెట్టుకుని హైవే వేగంలో ఉన్నప్పుడు మాట తెలియాలి. అదే సమయంలో వెనక వచ్చే లారీ హారను కూడా తెలియాలి. ఒకసారి బయలుదేరాక చెయ్యి హ్యాండిల్ మీద నుంచి తీయనక్కర లేకుండా ఉండాలి. నాలుగోది ఎండ, కుదుపులు. మే నెలలో మన దగ్గర ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. ఐఫోను వాడకానికి దాని తయారీదారు చెప్పే పరిసర ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీలు. ఎండలో తెర వెలుగుతూ, జీపీఎస్ నడుస్తూ, పైగా చార్జింగ్ కూడా ఎక్కుతున్న ఫోను ముందు తెరను మసకబారుస్తుంది, తర్వాత చార్జింగ్ ఆపేస్తుంది. అప్పుడు తెరను నమ్ముకున్నవారికి దారి పోతుంది, గొంతును నమ్ముకుని ఫోనును నీడలో ఉంచుకున్నవారికి పోదు.

| మార్గం | హైవే మీద మాట తెలియడం | బయటి హారను తెలియడం | ఖర్చు | ఎక్కడ నప్పుతుంది |
|---|---|---|---|---|
| హోల్డరులోని ఫోను స్పీకరు | దాదాపు తెలియదు | పూర్తిగా తెలుస్తుంది | హోల్డరు ధర మాత్రమే | ఊళ్లో, నెమ్మది వేగంలో |
| ఒక చెవిలో ఇయర్‌బడ్ | బాగా తెలుస్తుంది | ఒక వైపు తగ్గుతుంది | ఇంట్లో ఉన్నదే చాలు | అప్పుడప్పుడు చేసే ప్రయాణం |
| హెల్మెట్‌లో అమర్చే బ్లూటూత్ స్పీకర్లు | అమరిక సరిగ్గా ఉంటే తెలుస్తుంది | తెలుస్తుంది | కొన్ని వేల రూపాయలు కావచ్చు | రోజూ హైవే ఎక్కేవారికి |

ఫోను స్పీకరు

బ్రాడీపేటలోనో గవర్నరుపేటలోనో 20, 25 కిలోమీటర్ల వేగంలో, ముందు అద్దం తెరిచిన హెల్మెట్‌తో వెళ్లేటప్పుడు ఫోను స్పీకరు సరిపోతుంది. పెదకాకాని దాటి హైవే ఎక్కి 50 అందుకోగానే గాలి మోత దాన్ని మింగేస్తుంది. గూగుల్ మ్యాప్స్‌లో `Guidance volume` ను `Louder` కు మార్చినా పెద్దగా లాభం ఉండదు, ఎందుకంటే గాలి చప్పుడు పుట్టేది హెల్మెట్ అంచు దగ్గరే, చెవికి ఆనుకుని. ఫోను ఉండేది దానికి దూరంగా, హ్యాండిల్ దగ్గర. ఊరు దాటనివారికి మాత్రమే ఇది చాలు.

ఒక చెవిలో ఇయర్‌బడ్

ఇయర్‌బడ్ పెట్టుకునేవారు ఎడమ చెవిలోనే పెట్టుకోవాలని నా సలహా. మనల్ని దాటి వెళ్లే వాహనాలు ఎక్కువగా కుడి వైపు నుంచే వస్తాయి కాబట్టి ఆ చెవి ఖాళీగా ఉండాలి. రెండు చెవుల్లోనూ పెట్టుకుని, పైగా బయటి శబ్దాన్ని అణిచే సదుపాయాన్ని ఆన్ చేసుకోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

దీనికి మరో ఇబ్బంది ఉంది. హెల్మెట్ తల మీదికి లాగేటప్పుడు లోపలి మెత్త ఇయర్‌బడ్‌ను తాకుతుంది. తాకితే పనిచేసే రకమైతే ఆ తాకిడికి ఏదో ఒక ఆజ్ఞ పోతుంది, పాట మొదలవుతుంది లేదా ఆగుతుంది, ఒక్కోసారి కాల్ కూడా వెళ్లిపోతుంది. కాబట్టి ఇయర్‌బడ్ యాప్‌లో ఆ తాకే ఆజ్ఞలను ముందుగానే ఆపేసుకోవాలి. చెవిలో తీగ ఉన్న ఇయర్‌ఫోన్లయితే తల తిప్పినప్పుడల్లా లాగుతాయి, వాటిని నేను ఎవరికీ చెప్పను. పోలీసులు ఆపి చెవిలోది ఏమిటని అడిగినప్పుడు, అది పాటల కోసం కాదు, దారి కోసమేనని నచ్చజెప్పడం కూడా తేలిక కాదు.

హెల్మెట్ స్పీకర్లు

రోజూ గుంటూరు, విజయవాడల మధ్య తిరిగేవారికి నేను దీన్నే చెబుతాను. చెవి రంధ్రం మూయకుండా మాటను చెవి పక్కనే పలికిస్తుంది కాబట్టి హారనూ, మాటా రెండూ అందుతాయి. అయితే కొన్నవారిలో చాలామంది శబ్దం సరిపోవడం లేదని బాధపడతారు. కారణం పరికరం కాదు, అమరిక. స్పీకరు మధ్యభాగం చెవి రంధ్రానికి సరిగ్గా ఎదురుగా ఉండాలి. ఒక సెంటీమీటరు వెనక్కో కిందికో జరిగితే చాలు, ఇంట్లో బాగున్న శబ్దం హైవే మీద మాయమవుతుంది. హెల్మెట్ పెట్టుకున్నాక చెవి ఎక్కడ ఆనుతుందో తెలుసుకోవడానికి, చెవి తమ్మె వెనక కొద్దిగా సుద్దముక్క రాసుకుని హెల్మెట్ పెట్టి తీస్తే మెత్త మీద గుర్తు పడుతుంది. స్పీకరును ఆ గుర్తుకు కొంచెం ముందుగా అతికించుకోవాలి.

చెవి దగ్గర గుంత లేని హెల్మెట్‌లో స్పీకరు చెవిని నొక్కి అరగంటలో నొప్పి పుట్టిస్తుంది. అప్పుడు కొందరు లోపలి థర్మోకోల్ లాంటి పొరను చాకుతో చెక్కి చోటు చేస్తారు. ఆ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. దెబ్బ తగిలినప్పుడు నలిగి తలను కాపాడేది ఆ పొరే. చోటు లేకపోతే హెల్మెట్ మార్చాలి, లేదా ఇయర్‌బడ్‌తో సరిపెట్టుకోవాలి. చెవులు కప్పని సగం హెల్మెట్ వాడేవారికి స్పీకర్ల ప్రశ్నే లేదు. ముందు హెల్మెట్ మార్చుకోవడమే వారు చేయవలసిన పని.

ఫోను ఎక్కడ ఉండాలి

హెల్మెట్ స్పీకర్లు, ఇయర్‌బడ్ వాడేవారికి ఫోను జేబులో ఉంటే సరిపోతుంది, అదే మంచి చోటు కూడా. ప్యాంటు జేబులో కంటే చొక్కా లోపలి జేబులోనో, భుజానికి వేసుకున్న సంచి పై అరలోనో ఉంటే జీపీఎస్ అందుతుంది, కింద పడినప్పుడు తొడకూ గుచ్చుకోదు.

తెర కూడా కావాలనుకునేవారికి స్కూటరు వేరు, మోటారు సైకిలు వేరు. స్కూటరు హ్యాండిల్‌ను ప్లాస్టిక్ కప్పి ఉంటుంది కాబట్టి అద్దం కాడకు బిగించే హోల్డరే దిక్కు. అద్దం అసలు కాడ దగ్గర వదులుగా ఉంటే ఫోను బరువుకు రోడ్డు గతుకుల్లో మొత్తం తిరిగిపోతుంది. పానాతో అద్దం కింది నట్టును ముందు బిగించి, ఆ తర్వాత హోల్డరు పట్టు కింద పాత సైకిలు ట్యూబు ముక్క చుట్టి స్క్రూ బిగిస్తే జారదు. మోటారు సైకిలుకైతే హ్యాండిల్ మధ్య భాగంలో, స్పీడోమీటరును కప్పకుండా బిగించాలి. రెండింటిలోనూ బండిని స్టాండు వేసి హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకూ కుడికీ తిప్పి, బ్రేకు తీగలు ఎక్కడా ఒత్తుకోవడం లేదని, హారను, ఇండికేటరు మీటలకు బొటనవేలు అడ్డు లేకుండా అందుతోందని చూసుకోవాలి. ఫోను పట్టుకుని బండినే ఊపినట్టు ఊపితే హోల్డరు కదలకూడదు.

హోల్డరు కోరలు ఫోను పక్క బటన్ల మీద పడకుండా చూడడం అన్నిటికంటే ముఖ్యం. ఇది నాకు అనుభవమే. కాజ టోల్‌గేటు దగ్గర మొదలైన మౌనం తాడేపల్లి దాకా సాగింది, ఫోను చెడిపోయిందనుకున్నాను. పక్కకు ఆపి చూస్తే హోల్డరు కోర శబ్దం తగ్గించే బటన్ మీద ఆనుకుని ఉంది. ప్రతి గతుకుకూ కొంచెం చొప్పున నొక్కుకుంటూ శబ్దాన్ని సున్నాకు తెచ్చింది. అది పవర్ బటన్ మీద పడితే తెర ఆరిపోతుంది. కొన్ని ఫోన్లలో వరసగా ఐదుసార్లు నొక్కుకుంటే అత్యవసర కాల్ కూడా మొదలవుతుంది. నాలుగు మూలలను పట్టే రకం హోల్డరు కొంటే ఈ బెడద తప్పుతుంది.

ఖరీదైన కెమెరా ఉన్న ఫోనును మోటారు సైకిలు హ్యాండిల్‌కు బిగించేవారు ఒక విషయం తెలుసుకోవాలి. పెద్ద ఇంజన్ల ప్రకంపనలు కెమెరాలోని వణుకు సరిచేసే భాగాన్ని, ఆటోఫోకస్‌ను దెబ్బతీయగలవని ఆపిల్ సంస్థ 2021లో తన వినియోగదారులకు చెప్పింది. అలాంటి ఇంజన్ల మోటారు సైకిళ్లకు బిగించవద్దనీ, చిన్న స్కూటర్లకైతే ప్రకంపనలను పీల్చుకునే హోల్డరు వాడమనీ సూచించింది. ఆ భాగాలు ఉన్న ఇతర ఫోన్లకూ ఈ జాగ్రత్త వర్తిస్తుంది.

ఎవరికి ఏది

ఉద్యోగం కోసం రోజూ వెళ్లివచ్చేవారికి దారి తెలుసు, చివరి కిలోమీటరే తెలియదు. హెల్మెట్ స్పీకర్లు, జేబులో ఫోను, హోల్డరు లేకుండా, ఇదే వారికి నా ఎంపిక. నెలకు ఒకటి రెండుసార్లు వెళ్లే విద్యార్థులు ఎడమ చెవి ఇయర్‌బడ్‌తో గడపవచ్చు. పార్సిళ్లు అందించేవారికి ప్రతి పది నిమిషాలకూ కొత్త చిరునామా వస్తుంది కాబట్టి హోల్డరు తప్పదు. వారికి నాలుగు మూలల హోల్డరు, ఒక చెవిలో ఇయర్‌బడ్ రెండూ కావాలి, ఎండాకాలం మధ్యాహ్నం మాత్రం బండి నడుపుతూ చార్జింగ్ పెట్టకూడదు. వినికిడి తగ్గిన పెద్దలకు గొంతును నమ్ముకోమని చెప్పలేను. వారు హోల్డరు పెట్టుకుని, ప్రతి పెద్ద కూడలికి ముందు పక్కకు ఆపి చూసుకునే పద్ధతిని ఎంచుకోవడం మేలు, ప్రయాణం కొంత ఆలస్యమైనా.

మాట తప్పిపోయినప్పుడు

ఏ మార్గం ఎంచుకున్నా మాటలు తప్పిపోతాయి. ఎందుకు తప్పిపోతాయో తెలిస్తే సగం బాధ ఇంటి దగ్గరే తీరుతుంది.

అన్నిటికంటే ఎక్కువగా జరిగేది మాట మొదలు తెగిపోవడం. పాట ఏదీ నడవనప్పుడు బ్లూటూత్ పరికరం విశ్రాంతిలోకి వెళ్తుంది. మ్యాప్స్ మాట్లాడడం మొదలుపెట్టాక అది మేలుకునేసరికి ఒక సెకను గడిచిపోతుంది. తెలుగులో ఆ మాట ‘100 మీటర్ల తర్వాత, కుడివైపు తిరగండి’ అన్న వరుసలో వస్తుంది. తెగిపోయేది మొదటి భాగం, అంటే దూరం. మిగిలేది ‘కుడివైపు తిరగండి’. వినేవారు వెంటనే తిరిగేస్తారు. హైవే మీద ఇది పెద్ద నష్టం చేయదు, చుట్టుపక్కల తిరగడానికి వేరే చోటు ఉండదు కాబట్టి. బ్రాడీపేటలో లైన్లు, అడ్డరోడ్లు ఒకదాని వెంట ఒకటి గళ్లుగా ఉంటాయి, దూరం తెగిన మాటకు తిరిగితే పధ్నాలుగో అడ్డరోడ్డుకు బదులు పదమూడులో తేలతారు. దీనికి మందు చాలా తేలిక. సన్నని శబ్దంతో ఏదైనా వాద్య సంగీతాన్ని వెనక నడపనిస్తే బ్లూటూత్ మేలుకునే ఉంటుంది, మాట వచ్చినప్పుడు సంగీతం తనంతట తానే తగ్గుతుంది.

రెండో కారణం ఫోనే మ్యాప్స్‌ను నిద్రపుచ్చడం. తెర ఆరిపోయి జేబులో ఉన్నప్పుడు కొన్ని ఫోన్లు బ్యాటరీ పొదుపు పేరుతో యాప్‌ను ఆపేస్తాయి. ఫోను సెట్టింగ్స్‌లో మ్యాప్స్ బ్యాటరీ వాడకాన్ని `Unrestricted` కు మార్చాలి. మూడోది, దారి తెర మీద ఉండే స్పీకరు గుర్తు. అందులో పూర్తి మాట, హెచ్చరికలు మాత్రమే, మౌనం అని మూడు స్థితులు ఉంటాయి. పొరపాటున రెండోదానిలో ఉంటే అప్పుడప్పుడు ఏదో వినిపిస్తూనే ఉంటుంది, మలుపులు మాత్రం చెప్పదు. చాలామందిని తికమక పెట్టేది ఇదే.

బయలుదేరే ముందు మ్యాప్స్ సెట్టింగ్స్‌లోని నావిగేషన్ విభాగంలో వీటిని ఒకసారి చూసుకోవాలి:

```
Voice selection              తెలుగు
Guidance volume              Louder
Play voice over Bluetooth    ON
Play voice during phone calls ON
```

ఆండ్రాయిడ్‌లో అక్కడే ఉండే `Play test sound` ను హెల్మెట్ పెట్టుకుని, బండి ఇంజను నడుస్తుండగా నొక్కి వినాలి. ప్రయాణ వాహనంగా బైకు గుర్తును ఎంచుకున్నారో లేదో కూడా చూడాలి. కారు గుర్తు మీద వదిలేస్తే అంచనా సమయమూ, ఒక్కోసారి దారీ మారిపోతాయి.

హైవే మీద మౌనాన్ని చూసి కంగారు పడనక్కర లేదు. కాజ నుంచి మంగళగిరి దాటేదాకా తిరగవలసిన చోటు లేకపోతే అది ఏమీ చెప్పదు. అనుమానం తీర్చుకోవాలంటే టోల్‌గేటు దాటాక, ఎడమ అంచున బండి ఆపడానికి చోటున్న దగ్గర స్టాండు వేసి చూసుకోవాలి. ఆగిన చోటుకూ తెర మీది బాణానికీ తేడా లేకపోతే యాప్ బతికే ఉన్నట్టు.

వారధి దిగి బెంజి సర్కిల్ వైపు వచ్చేటప్పుడు కష్టం వేరే రకంది. ఫ్లైఓవరు, దాని కింది సర్వీసు రోడ్డు పై నుంచి చూస్తే ఒకే చోట ఉంటాయి. జీపీఎస్ ఎత్తును అంత కచ్చితంగా చెప్పలేదు కాబట్టి, మనం పైన ఉన్నామో కింద ఉన్నామో యాప్‌కు తెలియదు. బెంజి సర్కిల్లో ఎడమకు తిరిగి లబ్బీపేట వైపు బందరు రోడ్డు పట్టవలసినవారు ఫ్లైఓవరు ఎక్కకూడదు. ఈ ఒక్క సంగతిని మాత్రం యాప్‌కు వదలకుండా బయలుదేరేముందే మనసులో పెట్టుకోవాలి. వారధి దిగగానే ఎడమ వరుసలోకి రావాలి. కిందే ఉన్నప్పుడు అది ‘నేరుగా వెళ్లండి’ అని చెప్పినా ముందున్న కూడలిని కళ్లతో చూసుకోవాలి.

పొరపాటున ఎక్కేస్తే అక్కడ ఆపడం, వెనక్కి నడిపించడం రెండూ చేయరాదు. ఫ్లైఓవరు బెంజి సర్కిల్‌ను బాగా దాటించాకే దించుతుంది. దిగాక యాప్ కొత్త దారి చెప్పడానికి కొన్ని సెకన్లు తీసుకుంటుంది, అంతదాకా ఎడమ వరుసలోనే నెమ్మదిగా సాగాలి. అది యూటర్న్ చెబితే కూడలిలో తీసుకోవాలి గానీ, సర్వీసు రోడ్డులో ఎదురు దిశలో వెనక్కి రాకూడదు. గవర్నరుపేట, గాంధీనగర్ వైపు వెళ్లేవారికి వెనక్కి తిరగవలసిన అవసరమే లేదు. రామవరప్పాడు రింగు దాకా వెళ్లి ఎడమకు ఏలూరు రోడ్డు పట్టుకుంటే గుణదల మీదుగా ఊళ్లోకి వస్తారు.

తిరుగు ప్రయాణంలో బ్రాడీపేట చేరాక యాప్ గొంతుకు కూడా ఒక హద్దు పెడతాను. లైను పేరు దగ్గరికి రాగానే దాన్ని వినడం ఆపేసి, చిరునామాలోని అంకెను పట్టుకుని అడ్డరోడ్లను కళ్లతోనే లెక్కపెడతాను. ‘నాలుగో లైను, పధ్నాలుగో అడ్డరోడ్డు’ అని రాసి ఇచ్చినవారి మాట ‘50 మీటర్ల తర్వాత’ అన్న దానికంటే అక్కడ ఎక్కువ కచ్చితంగా పనిచేస్తుంది.